దానంతటదే మొదలైన మిల్లు

మా అన్న నబీకి పొగడ్త అంటే ప్రాణం. తనని పొగిడితే కాదు, కూతుర్ని పొగిడితే. తిరువూరు బస్టాండు అవతల మోటార్ వైండింగ్ షాపు పెట్టుకుని, కాలిన మోటార్లన్నిటికీ తిరిగి రాగితీగ చుట్టి బతికించిన మనిషి. ఎవరైనా వచ్చి "బాగా తిరుగుతోంది నబీ, నీ చెయ్యి మంచిది" అంటే వినీ విననట్టు ఊరుకునేవాడు. అదే "మీ అమ్మాయి చురుకండీ" అంటే చాలు, ఆ మనిషికి టీ తెప్పించేవాడు. కాకి పిల్ల కాకికి ముద్దని నేను వెక్కిరించేదాన్ని. ఆ ముద్దే మా కొంప ముంచింది. ఎవరేమనుకున్నా సరే, ఉన్నమాట ఇదే.

మాది దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. మా నాన్న గంపలగూడెం వైపు నుంచి పత్తి తెచ్చి ఏకేవాడు. నాకు అదే పని అబ్బింది, ఇప్పటికీ షాపు ముందు వరండాలో కూర్చుని పరుపులు, దిళ్లు కుడతాను. అన్నకి మాత్రం దూది అంటే తుమ్ములు. చిన్నప్పుడే విజయవాడ పోయి వైండింగ్ నేర్చుకొచ్చాడు. వదిన చనిపోయేనాటికి ఆసిమా పసిది. నా మొగుడూ అప్పటికే పోయాడు కాబట్టి నేను పుట్టింటికి వచ్చేసి ఆ పిల్లని పెంచాను. పిల్ల నా దూది మూటల మీద ఆడుకోలేదు, వాళ్ల నాన్న బల్ల కింద రాగితీగ ముక్కలతో ఆడుకుంది. పెద్దయ్యాక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది.

చదువు అయ్యాక అన్నకున్న కోరిక ఒక్కటే. పిల్ల ఆ బల్ల దగ్గరే, తన పక్కనే కూర్చోవాలి. తను మోటార్లు చూసుకుంటే అది వాటిని నడిపే పెట్టెలు చూసుకోవాలి. ఆసిమాకీ అది ఇష్టమే. ఉద్యోగాలకి అప్లై చెయ్యమని స్నేహితురాళ్లు పోరుతుంటే నవ్వి ఊరుకునేది. ఊళ్లో మాత్రం, ఆడపిల్ల మోటార్ల షాపులో కూర్చుని ఏం చేస్తుందని చెవులు కొరుక్కునేవాళ్లు. వాళ్ల నోళ్లు మూయించే పని ఒక్కటి, అందరికీ కనపడే పని ఒక్కటి పిల్ల చేతుల మీదుగా జరిగితే ఇక దాన్ని ఆ బల్ల మీంచి ఎవరూ లేపలేరని అన్న నమ్మకం.

అలాంటి సమయంలో జగన్నాథరావు గారు వచ్చారు. గంపలగూడెం రోడ్డులో ఆయనది చిన్న రైసు మిల్లు. ధాన్యాన్ని పైకి తోడే ఎలివేటరు, పొట్టు తీసే షెల్లరు, బియ్యం తెల్లగా చేసే పాలిషరు, తవుడు లాగే బ్లోయరు, అంతే. వాటిని నడిపే డ్రైవరు కృపానందం. ఒక్కోదానికి ఒక్కో స్టార్టరు, పచ్చ బటన్ నొక్కితే మొదలు, ఎర్ర బటన్ నొక్కితే ఆగుడు. ముందు బ్లోయరు, తర్వాత పాలిషరు, ఆ తర్వాత షెల్లరు, చివరికి ఎలివేటరు. ఈ వరస తప్పకూడదు. నడిచేటప్పుడు పాలిషరు ట్రిప్ అయి ఆగిపోయిందనుకోండి, వెనకనుంచి ఎలివేటరు పోస్తూనే ఉంటుంది. ధాన్యం పేరుకుపోయి గొట్టాలు బిగుసుకుపోతాయి, బెల్టులు కాలతాయి. ఆ ఏడు అలా అవడం మూడోసారి.

"ఒకటి ఆగితే దాని వెనకవి వాటంతటవే ఆగాలి నబీ. ఆటోమేటిక్ చేసి పెట్టు" అన్నారు జగన్నాథరావు గారు.

దీనికి రెండు దారులున్నాయని ఆసిమా చెప్పింది. ఒకటి పీఎల్‌సీ. ఫ్యాక్టరీల్లో మోటార్లని వరసగా నడపడం కోసమే చేసిన గట్టి డబ్బా అది. రెండోది అరచేతిలో ఇమిడే మైక్రోకంట్రోలర్ బోర్డు, కాలేజీలో పిల్ల ప్రాజెక్టు చేసింది దానితోనే. రెండూ ప్రోగ్రాం రాస్తేనే పని చేస్తాయి. ధరలో మాత్రం ఏనుగుకీ ఎలక్కీ ఉన్నంత తేడా ఉంది.

"పీఎల్‌సీయే పెట్టండి అంకుల్" అంది ఆసిమా.

నేను సూది ఆపి వింటున్నాను. తన చేత్తో చేసిన బోర్డుని వదిలేసి బయటి సరుకుని మెచ్చుకుంటుందేమిటీ పిల్ల అని నాకే ఆశ్చర్యం వేసింది.

"ఏం, నీ బోర్డు పనికిరాదా?" అన్నాడు అన్న.

"పనికొస్తుంది నాన్నా. గోదాంలో ధాన్యం ఎంతుందో ఫోనుకి మెసేజ్ పంపడానికైతే అదే మేలు. కానీ మిల్లంటే దుమ్ము, వేడి, కరెంటు ఎగుడుదిగుళ్లు. ఇంత పెద్ద మోటారు స్టార్టరు పడినప్పుడల్లా తీగల్లో ఒక అదురు వస్తుంది. దానికి బోర్డు బెదిరి మళ్లీ మొదటికొస్తుంది. పీఎల్‌సీకి ఆ అదురు తగలకుండా లోపలే అడ్డం కట్టి ఉంటారు. బోర్డుకైతే అన్నీ మనమే కట్టాలి. పైగా దాని ప్రోగ్రాం నువ్వు గీసే స్టార్టరు బొమ్మలాగే ఉంటుంది, నిచ్చెన మెట్లలాగా. రేపు నేను లేకపోయినా విజయవాడ నుంచి ఎవరొచ్చినా చదివి బాగుచేస్తారు. నా బోర్డులో ఏముందో నాకు తప్ప ఎవరికి తెలుస్తుంది?"

అన్న మొహం మాడిపోయింది. ఎందుకో నాకు తెలుసు. పీఎల్‌సీ అంటే విజయవాడ డీలరు ప్యానెల్ తయారుచేసి లారీలో పంపుతాడు. వాళ్ల ఇంజనీరు వచ్చి ప్రోగ్రాం ఎక్కిస్తాడు. తలుపు మీద వాళ్ల స్టిక్కర్ ఉంటుంది. అందులో ఆసిమా ఏది?

"రేపు నేను లేకపోయినా అని ఎందుకంటావు? ఎక్కడికి పోతావు?" అన్నాడు. ఆ పిల్ల చెప్పినదాంట్లో ఆయనకి వినపడింది ఆ ఒక్క ముక్కే.

జగన్నాథరావు గారికి ధర దగ్గర మనసు అప్పటికే బోర్డు మీదకి పోయింది. అన్న ఆయనతో "బోర్డే పెడదామండీ. మా అమ్మాయి చేస్తుంది, నాదీ పూచీ" అనేశాడు. ఆసిమా నా వైపు చూసింది. "నా వైపు చూడకు, మీ నాన్న మొండితనానికి ఈ హుస్సేను మందు కనిపెట్టలేదు" అన్నాను.

ఒప్పుకుందిగానీ పిల్ల రెండు షరతులు పెట్టింది. ఒకటి, పుట్టగొడుగులాంటి పెద్ద ఎర్ర బటన్ ఒకటి గోడకి బిగించాలి. దాని తీగ బోర్డులోకి పోకూడదు, నేరుగా స్టార్టర్లకే పోవాలి. బోర్డు చచ్చినా, పిచ్చెక్కినా, ఆ బటన్ కొడితే అన్నీ ఆగాలి. రెండు, పాత స్టార్టర్లు, వాటి పచ్చ బటన్లు అలాగే ఉండాలి. బోర్డుకి మోటారుని ఆపే అధికారం ఉంటుంది, మొదలుపెట్టే అధికారం ఉండదు.

"ఎందుకలా?" అని అడిగాను, నాకూ కాస్త అర్థం కావాలి కదా.

"పాత స్టార్టరుకి ఒక మంచి గుణం ఉందత్తా. కరెంటు పోతే దాని పట్టు విడిపోతుంది. కరెంటు తిరిగొచ్చినా మనిషి వచ్చి పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు తిరగదు. దాన్ని మనం పోగొట్టుకోకూడదు" అంది.

బోర్డు పెట్టారు. మొదట్లో పిల్ల చెప్పినట్టే స్టార్టరు పడినప్పుడల్లా బోర్డు బెదిరేది. ఆసిమా రోజూ మిల్లుకి పోయి, కాయిల్స్‌కి ఏవో అడ్డాలు కట్టి, బోర్డుకి వేరే సప్లై ఇచ్చి, దుమ్ము చొరని పెట్టెలో బిగించి దారికి తెచ్చింది. తర్వాత ఒక రోజు పాలిషరు ట్రిప్ అయింది. షెల్లరూ ఎలివేటరూ టక్కున ఆగిపోయాయి, గింజ పేరుకోలేదు. కృపానందం షాపుదాకా వచ్చి మరీ చెప్పాడు. "నబీ అన్నా, అమ్మాయి పెట్టెకి నాకంటే తెలివుంది." ఆ రోజు మా షాపులో ఎంతమందికి టీ తాగించాడో అన్నకే లెక్క లేదు. దారిన పోయేవాళ్లని కూడా పిలిచి చెప్పాడు.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది.

వేసవి ముదిరింది. కరెంటు పోవడం, రావడం ఎక్కువైంది. పోయొచ్చినప్పుడల్లా కృపానందం ఒక్కో పచ్చ బటన్ దగ్గరికీ నడవాలి. "ఇదేం ఆటోమేటిక్ నబీ? ఒక్క చోట ఒక్కసారి నొక్కితే వరసగా మొదలవ్వాలి గానీ" అన్నారు జగన్నాథరావు గారు. "డీలరు పీఎల్‌సీ అయితే అలాగే చేస్తానన్నాడు" అని ఒక మాట కూడా వదిలారు. ఆ మాట అన్నకి ముల్లులా గుచ్చుకుంది. ఇంటికొచ్చి కూతుర్ని పట్టుకున్నాడు.

ఆసిమాకి అప్పుడు జ్వరం. నాన్న పోరు పడలేక తన రెండో షరతుని తనే పక్కనపెట్టి, మంచం మీద కూర్చునే, బోర్డుని ఇంటికి తెప్పించుకుని ప్రోగ్రాం మార్చింది. ఒక్క బటన్ నొక్కితే ముందు బ్లోయరు మొదలవుతుంది. అది అందుకున్నాక కాసేపాగి పాలిషరు, మళ్లీ కాసేపాగి షెల్లరు, చివరికి ఎలివేటరు. అన్నీ ఒక్కసారే లేస్తే లైను మీద బరువు పడుతుందని మధ్యలో ఆ వ్యవధి పెట్టింది. మా బల్ల మీద చిన్న బల్బులు పెట్టి చూపించింది. ఒకటి వెలిగింది, ఆగి రెండోది, ఆగి మూడోది. అన్న పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా మళ్లీ నొక్కు, మళ్లీ నొక్కు అన్నాడు.

"నాన్నా, నొక్కి వదిలేసే బటనే పెట్టు. ఇంకోటి పెట్టకు. జ్వరం తగ్గాక నేనొచ్చి చూసిందాకా నడపొద్దని చెప్పు" అంది.

"సరేలే" అన్నాడు.

బోర్డు తీసుకుని మిల్లుకి పోయాడు. బోర్డే మొదలుపెట్టాలి కాబట్టి, పచ్చ బటన్ నొక్కితేనే పట్టుకునే ఆ పాత స్టార్టర్ల పట్టు తీగలు తీసేశాడు. బటన్ బిగించబోతుంటే జగన్నాథరావు గారు వచ్చి, నొక్కి వదిలేస్తే మిల్లు ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో దూరం నుంచి ఎలా తెలుస్తుంది, తిప్పే స్విచ్చి పెట్టు అన్నారు. తిప్పే స్విచ్చి ఒకసారి ఆన్‌కి తిప్పితే మళ్లీ తిప్పేదాకా అలాగే ఉంటుంది. అన్నకి అది పెద్ద విషయంగా తోచలేదు. స్విచ్చి బిగించాడు. తిప్పగానే మిల్లు వరసగా మొదలైంది. జగన్నాథరావు గారు భుజం తట్టారు. ఆసిమా వచ్చి చూసిందాకా ఆగాలన్న సంగతి ఆ భుజం తట్టడంలో కొట్టుకుపోయింది.

ఇక్కడ మిల్లు వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. ఎలివేటరు అడుగున బూటు అని గొయ్యిలాంటిది ఉంటుంది. అందులో తాళ్లు, గడ్డి, గోనె పీచు చిక్కుకుంటాయి. మిల్లు నడుస్తుండగా తియ్యడం కుదరదు, మిల్లు ఆపితే ఓనరు ఊరుకోడు. అందుకని కరెంటు పోగానే మూత తీసి చెయ్యి పెట్టి శుభ్రం చేస్తారు. మెయిన్ హ్యాండిల్ ఎవరూ దించరు. కరెంటే లేనప్పుడు మిషను చచ్చినట్టేగా అంటారు. తరతరాలుగా ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోవడానికి కారణం వాళ్ల అదృష్టం కాదు, పాత స్టార్టర్ల మంచి గుణం. ఆ గుణాన్ని అన్న తన చేత్తోనే తీసేశాడు. తీసేసినట్టు ఆయనకే తెలియలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అన్న బెల్టు చప్పుడేదో చూడ్డానికి మిల్లుకి పోయాడు. కరెంటు పోయింది. కృపానందం బూటు మూత తీశాడు. లోపల గోనె తాడు గట్టిగా చుట్టుకుని ఉంది, వైరు కోసినట్టు కొయ్యాలి. "నువ్వు లే, నా చెయ్యి సన్నం" అని అన్న కూర్చుని మోచేతిదాకా కుడి చెయ్యి లోపల పెట్టాడు. స్విచ్చి ఆన్ మీదే ఉంది. కరెంటు వచ్చింది. బోర్డు మేలుకుని చూసుకుంది. స్విచ్చి ఆన్‌లో ఉంది కాబట్టి మొదలుపెట్టమంటున్నారనుకుంది.

కృపానందం పరుగెత్తి గోడ మీది ఎర్ర బటన్ కొట్టాడు. అంతా ఆగింది. ఆసిమా పట్టుబట్టి పెట్టించిన బటన్ అది. అది లేకపోతే మనిషే దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు. చెయ్యి మాత్రం దక్కలేదు. విజయవాడ ఆసుపత్రిలో మణికట్టు పైదాకా తీసేశారు.

ఆసుపత్రి వరండాలో బంధువు ఒకాయన చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని సామెత మొదలుపెట్టాడు. చెప్పు తియ్యలేదు, అంతే తక్కువ. లేచి అవతలకి పొమ్మన్నాను. ఊళ్లోనూ ఇదే పాట. పీఎల్‌సీ పెట్టుకుని ఉంటే ఇలా అయ్యేదా, ఆడపిల్ల బోర్డు పెడితే ఇంతే మరి, అని. ఊరి నోటికి మూత పెట్టలేంగా.

జగన్నాథరావు గారు చివరికి పీఎల్‌సీ ప్యానెలే తెప్పించారు. డీలరు ఇంజనీరు హర్షవర్ధన్ వచ్చి బిగించాడు. పోతూ పోతూ మా షాపు దగ్గర ఆగి ఆసిమాని పలకరించాడు. మంచివాడు.

"ఊళ్లో ఏదేదో అంటున్నారు. మీరు మనసులో పెట్టుకోకండి. ఆ తిప్పే స్విచ్చి పెట్టి, పట్టు తీగలు తీసేస్తే, మా పీఎల్‌సీ కూడా అలాగే మొదలవుతుంది. బోర్డు తప్పు కాదిది" అన్నాడు.

"నా ప్రోగ్రాం స్విచ్చి ఆన్‌లో ఉందా అని చూసిందండీ. ఇప్పుడే ఆన్ అయిందా అని చూడాల్సింది. కరెంటు వచ్చినప్పుడు ఒకసారి ఆఫ్ చూస్తేగానీ నమ్మకూడదని రాయాల్సింది. మీరైతే రాస్తారు కదా?" అంది ఆసిమా.

"రాస్తాం. మాకు పై నుంచి ఇంకొకరు చెక్ చేస్తారు. మీకు ఎవరూ లేరుగా" అన్నాడు.

ఆ పిల్లకి చెక్ చెయ్యడానికి ఉన్న మనిషి వాళ్ల నాన్నే. ఆయన చెక్ చెయ్యలేదు, మురిసిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక రోజంతా దూది ఏకాను.

ఆ తర్వాత ఆసిమా బల్ల దగ్గరికి రావడం మానేసింది. ఇంట్లో అన్నం వండేది, నాన్న కట్టు మార్చేది, మందులిచ్చేది. లాప్‌టాప్ గుడ్డలో చుట్టి అటక మీద పడేసింది. ఒక్క ప్రశ్న మాత్రం వదల్లేదు. కట్టు మార్చినప్పుడల్లా అదే.

"నాన్నా, ఎలివేటరు చివరికి కదా మొదలయ్యేది. ముందు బ్లోయరు లేచింది. తర్వాత పాలిషరు, తర్వాత షెల్లరు. మధ్యలో వ్యవధి ఉంది. చెయ్యి తీసుకోవడానికి టైముంది. నీకు వినపడలేదా?"

"లేదమ్మా. తల గొయ్యిలో ఉంది, ఏం వినపడలేదు" అనేవాడు అన్న.

పాలిషరు లేస్తే పక్క పొలంలో వాళ్లకి వినపడుతుంది. అబద్ధమని నాకు తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. కృపానందాన్ని కూడా అడిగింది. అతను అప్పుడు బయట కుళాయి దగ్గర ఉన్నాడు, బ్లోయరు చప్పుడు విని లోపలికి పరుగెత్తాడు. "నేను అరిచానమ్మా, అన్న నా వైపు చూడలేదు" అన్నాడు.

అన్న దిగులు తన చెయ్యి గురించి కాదు. షాపుకి వచ్చిన మోటార్లు బల్ల కింద పేరుకుపోతున్నాయి. "నేను చెబుతాను, నువ్వు చుట్టు. నీ చేతులు, నా బుర్ర. ఇద్దరం ఒక్క మనిషయినా అవుతాంగా" అని కూతుర్ని బతిమాలేవాడు. ఆ పిల్ల తల వంచుకునేది. విజయవాడలో ఒక బట్టల షాపులో పని ఉందని స్నేహితురాలు చెప్పిందట. పోనా అత్తా అని నన్నడిగింది. మీ నాన్న చచ్చిపోతాడే అన్నాను. ఆ మాటకి ఆగింది.

చివరికి నా పోరు పడలేక ఒక ఉదయం వచ్చి బల్ల ముందు కూర్చుంది. చిన్న నీళ్ల మోటారు, సుతారంగా చుట్టాల్సింది. అన్న మొహం చూడాలి అప్పుడు. ఎడమ చేత్తో తీగ అందిస్తూ, ఎన్ని చుట్లో చెబుతూ, మధ్యమధ్యలో నన్ను చూసి నవ్వుతూ. నేను కూడా కుట్టు వదిలేసి చూస్తూ ఉండిపోయాను. ఇక గండం గడిచిందనుకున్నాను.

కాసేపటికి ఆసిమా చేతులు ఆగాయి.

"నిజం చెప్పు నాన్నా. వినపడిందా, లేదా? నిజం చెబితే ఇంకెప్పుడూ అడగను. ఇక్కడే ఉంటాను."

అన్న నా వైపు చూశాడు. వద్దని తల ఊపాను. ఆయన పట్టించుకోలేదు. ఆ పిల్లకి ధైర్యం చెప్పాలని, నీ పని మంచిదేనని నమ్మించాలని, అదొక్కటే ఆ పిచ్చి బుర్రలో ఉంది.

"వినపడిందమ్మా" అన్నాడు. "బ్లోయరు లేచింది. ఎవరూ ముట్టుకోలేదే, ఎలా లేచిందా అనుకున్నాను. అంతలో పాలిషరు లేచింది. బల్ల మీద నువ్వు బల్బులు వెలిగించి చూపించావే, అచ్చం అలాగే. ఎంత సమంగా ఆగిందనుకున్నావు మధ్యలో! షెల్లరు కూడా అంతే. నా కూతురు రాసింది, ఎంత బాగా నడుస్తోంది అనుకుంటూ వింటూ ఉండిపోయాను. చెయ్యి లోపల ఉందన్న సంగతే గుర్తు రాలేదు తల్లీ."

ఆసిమా చేతిలో తీగ అలాగే పట్టుకుని ఆయన్నే చూసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. తీగ కొసని మోటారుకి జాగ్రత్తగా దారంతో కట్టి, లేచి, చేతులు కడుక్కుని ఇంట్లోకి పోయింది. మర్నాడు మొదటి బస్సుకి విజయవాడ వెళ్లిపోయింది. ఉంటానన్న పిల్ల మాట తప్పిందని నేను అనను. ఆ మాట విన్నాక ఎవరుంటారు?

బట్టల షాపులో చీరలు మడతపెడుతోంది ఇప్పుడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. మందులు వేసుకుంటున్నావా, అన్నం తిన్నావా అని అడుగుతుంది. మోటారు అన్న మాట రాగానే కస్టమర్లు వచ్చారంటుంది. ఫోన్ పెట్టేశాక అన్న ప్రతిసారీ నా దగ్గరికొచ్చి గుమ్మంలో నిలబడతాడు.

"హుస్సేనూ, నేనేమన్నానే దాన్ని? బాగా చేశావనేగా అన్నాను."